పెళ్లి లైవ్ లింకు పంపాక మా పని అయిపోయిందనుకున్నాం, ఇకనుంచి అట్లా కాదు

"అన్నా, నువ్వు పంపిన లింకు ఫోన్లో మంచిగనే వస్తుంది, టీవీలో పేరు కొట్టి ఎంత వెతికినా దొరకట్లేదు. నానమ్మకు పెద్దగా కనబడేటట్టు పెట్టేదెట్ల?"

వెతికితే దొరకదు తమ్ముడూ. పెళ్లి లైవ్‌లన్నీ మేం యూట్యూబ్‌లో Unlisted అని పెడతాం, అంటే లింకు చేతిలో ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది, ఊళ్లో వాళ్లందరికీ మీ ఇంటి పెళ్లి కనబడకుండా కావాలనే అట్లా పెడతాం. టీవీలో ఉండే యూట్యూబ్‌లో లింకు టైప్ చేసే చోటు కూడా ఉండదు కాబట్టి ఫోన్ నుంచే పంపాలి. ఈ ముక్క మేం ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, దానివల్ల పోయిన నెల దేవరకొండ దగ్గర చేసిన ఒక పెళ్లిలో జరిగింది మీకందరికీ చెప్పాలి.

పెళ్లికూతురి నానమ్మకు తుంటి ఎముక విరిగి నల్లగొండలో ఇంట్లోనే ఉన్నారు. మనవడొకడు ఆమె దగ్గర ఉండి, ఫోన్ స్క్రీన్ మొత్తాన్ని టీవీ మీద కనబడేటట్టు మిర్రరింగ్ పెట్టాడు. అట్లా పెడితే ఫోన్లో ఏది కనబడితే టీవీలో అదే కనబడుతుంది. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైంకి మండపం నుంచి ఎవరో ఫోన్ చేశారు, టీవీ నిండా కాల్ స్క్రీనే. అది కట్ చేసి మళ్లీ కలిపేలోపు ఆ ఘట్టం అయిపోయింది. పిడికిట్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్న ముసలామె, అవి ఎప్పుడు వేయాలో తెలియక అట్లాగే పట్టుకుందని తర్వాత ఆ పిల్లవాడే చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిర్రరింగ్ వద్దు. టీవీలో యూట్యూబ్ తెరిచి Settings లోకి వెళ్లి Link with TV code నొక్కండి, ఒక నంబర్ వస్తుంది. ఫోన్లో యూట్యూబ్ యాప్ Settings లో Watch on TV, అందులో Enter TV code దగ్గర ఆ నంబర్ కొట్టండి. ఇక వాట్సాప్‌లో మేం పంపిన లింకు నొక్కండి, బొమ్మ మీద కాదు, కింద నీలం అక్షరాల మీద, ఎందుకంటే బొమ్మ నొక్కితే వాట్సాప్‌లోనే చిన్న డబ్బాలో ఆడుతుంది, టీవీకి పోదు. టీవీలో మొదలయ్యాక వీడియోను టీవీయే తన నెట్‌తో నేరుగా తెచ్చుకుంటుంది, ఫోన్‌కు కాల్ వచ్చినా ఏం కాదు. కోడ్ పద్ధతికి ఫోనూ టీవీ ఒకే వైఫై మీద ఉండాల్సిన పని కూడా లేదు.

ఇంట్లో వైఫై లేక హాట్‌స్పాట్ మీద చూసేవాళ్లు డేటా లెక్క చూసుకోండి. 1080p లో గంటకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు జీబీ అయిపోతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్‌తో పొద్దున 10 గంటలకు ఎదురుకోళ్ల నుంచి మొదలుపెడితే, 11:20 ముహూర్తానికి గుండ్రంగా తిరిగే చక్రమే మిగలొచ్చు. టీవీలో రిమోట్‌తోనే Quality ని 480p కు మార్చండి, గంటకు అర జీబీ, కొంచెం అటూ ఇటూ, సరిపోతుంది. చీర అంచు జరీ అంత స్పష్టంగా రాదు గానీ ముఖాలు గుర్తుపట్టొచ్చు. లేకుంటే ముహూర్తానికి పావుగంట ముందు పెట్టుకోండి.

ఇంకొకటి, లైవ్ అంటే మండపంలో జరిగినదానికంటే పదిహేను, ముప్పై సెకన్లు వెనక వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మండపంలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి "అయిపోయింది, అక్షింతలు వేయండి" అంటే ఇంట్లో టీవీలో పురోహితుడు ఇంకా మంత్రం చదువుతూనే ఉంటాడు, పెద్దవాళ్లకు టెన్షన్. టీవీలో ఏది కనబడితే దాన్ని బట్టే వేయండి. ఏదైనా తప్పిపోతే రిమోట్‌తో వెనక్కి జరిపి చూడొచ్చు, మేం ఆ సౌకర్యం తెరిచే ఉంచుతాం.

మా వైపు మార్పు ఇది. ముహూర్తానికి ముందురోజు సాయంత్రం 7 గంటలకు పది నిమిషాలు ఉత్త పరీక్ష లైవ్ పెడతాం, మండపం అలంకరణ కనబడుతుంది. ఆ పది నిమిషాల్లో మీ ఇంట్లో టీవీలో పెట్టి చూసుకోండి, రాకపోతే అప్పుడే ఫోన్ చేయండి, మా పిల్లవాడొకడు దానికోసమే కూర్చుంటాడు. పెళ్లి నడుస్తుండగా చేస్తే అందరం కెమెరాల దగ్గర ఉంటాం, ఎత్తలేం. దీనికి అదనంగా డబ్బులేం లేవు. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు ఇంట్లో ఉండి చూసే పెద్దవాళ్ల దగ్గర ఎవరుంటారో వాళ్ల నంబర్ ఒక్కటి మాకు పంపండి.