విదేశీ పార్సిల్ సుంకం: లెక్క కాగితం చేతికివ్వండి

సంపాదకుడు గారికి,

విదేశం నుంచి పార్సిల్ తెప్పించుకున్నవాళ్ల దగ్గర కొరియర్ కంపెనీలు వసూలు చేస్తున్న కస్టమ్స్ సుంకం, హ్యాండ్లింగ్ ఫీజుల గురించి ఈ లేఖ. అనంతపురంలోనైనా, కడపలోనైనా, కర్నూలులోనైనా జరిగేది ఒకటే. ఫోనుకు ఒక మెసేజ్ వస్తుంది, అందులో ఒకే ఒక మొత్తం ఉంటుంది. కట్టితే పార్సిల్ ఇస్తారు, లేకపోతే లేదు. ఆ మొత్తంలో ప్రభుత్వానికి పోయేదెంత, కంపెనీకి మిగిలేదెంత అని ఇక్కడి బ్రాంచిలో అడిగితే 'అదంతా బెంగళూరులోనో హైదరాబాదులోనో చూస్తారు' అంటారు. నిజానికి ఆ లెక్క మామూలు కూడికలతో, శాతాలతో తేలిపోతుంది. తెలిసినవాళ్లు దాన్ని ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు.

సుంకం వేసేది వస్తువు ధర మీద మాత్రమే కాదు. ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపితే వచ్చే విలువ మీద వేస్తారు. బీమా ఎంతో తెలియనప్పుడు ధరలో 1.125 శాతం కలుపుతారు. రవాణా ఖర్చు తెలియకపోతే ధరలో 20 శాతం కలుపుతారు. అందుకే అమ్మకందారు 'ఉచిత డెలివరీ' అన్నా సుంకం లెక్కలో రవాణా కనిపించవచ్చు. చాలామందికి తెలియని మాట ఇంకొకటి ఉంది. విమానంలో వచ్చిన సరుకుకు నిజంగా ఎంత రవాణా కట్టినా, సుంకం లెక్కలో కలిపేది వస్తువు ధరలో 20 శాతం దాటకూడదు. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనల్లో 10(2) ఈ సంగతి చెబుతుంది. కొరియర్‌లో వచ్చే చిన్న సరుకుకు ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే తక్కువ ధర వస్తువుకు రవాణా ఖర్చు తరచూ ధరలో సగం దాకా పోతుంది.

ఒక లెక్క చూద్దాం. కడపలో ఒక ఎంబ్రాయిడరీ షాపు తన మిషనుకు 100 డాలర్ల విడిభాగం తెప్పించుకుంది, విమాన రవాణాకు 60 డాలర్లు కట్టింది అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి డాలరు 90 రూపాయలు అనుకుందాం. నిజానికి ఇక్కడ వాడేది ఫోన్లో కనిపించే మారకం రేటు కాదు, కస్టమ్స్ శాఖ నెలకు రెండుసార్లు ప్రకటించే దిగుమతి రేటు. వస్తువు ధర 9,000 రూపాయలు. కట్టిన రవాణా 5,400 అయినా, లెక్కలో కలపాల్సింది 20 శాతం, అంటే 1,800 మాత్రమే. బీమా 101 రూపాయల 25 పైసలు. సుంకం వేయాల్సిన విలువ 10,901 రూపాయల 25 పైసలు.

ఇక శాతాలు వస్తువు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్ కోడ్‌ను బట్టి మారతాయి. ఈ భాగానికి బేసిక్ డ్యూటీ 10 శాతం, దిగుమతి మీద పడే జీఎస్టీ అయిన ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. బేసిక్ డ్యూటీ 1,090 రూపాయలు. దాని మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ, 109. ఈ రెండూ విలువకు కలిపాక వచ్చిన దాదాపు 12,100 మీద 18 శాతం ఐజీఎస్టీ, 2,178. పన్ను మీద పన్ను పడుతోందేమిటని అడగొచ్చు, కానీ చట్టం అలాగే ఉంది. మొత్తం సుంకం సుమారు 3,377 రూపాయలు. అదే రవాణా 5,400నూ పూర్తిగా కలిపేస్తే సుంకం 4,492 అవుతుంది. ఒక్క పార్సిల్ మీద 1,115 రూపాయల తేడా. అమ్మకందారు ఇన్వాయిస్‌లో ధర, రవాణా కలిపి ఒకే అంకెగా రాసినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. కాబట్టి ఆర్డరు పెట్టేటప్పుడే ఆ రెండూ విడివిడిగా రాయమని చెప్పడం మేలు. ఖర్చు తగ్గుతుందని ధర తక్కువ రాయించడం మాత్రం ప్రమాదం. అనుమానం వస్తే అధికారులు ఆ ఇన్వాయిస్‌ను పక్కనపెట్టి బ్యాంకు చెల్లింపు రుజువు అడుగుతారు, అప్పటిదాకా పార్సిల్ కదలదు.

సుంకం అయ్యాక ఫీజు మొదలవుతుంది. సుంకాన్ని ముందుగా తాము కట్టినందుకు, కాగితాలు దాఖలు చేసినందుకు కంపెనీ తీసుకునేది ఇది. ఇది ప్రభుత్వ పన్ను కాదు, కంపెనీ సొంత రేటు, ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటుంది. ఫీజు 600 అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ 108, మొత్తం 708. జీఎస్టీ పడాల్సింది ఫీజు మీదే. మన తరఫున కట్టి తిరిగి వసూలు చేసుకునే సుంకం, విడిగా చూపించినంతవరకు, కంపెనీ ఆదాయం కాదు. సుంకం, ఫీజు కలిపిన 3,977 మీద జీఎస్టీ లెక్కగడితే 108కి బదులు 716 అవుతుంది. బిల్లులో జీఎస్టీ అంకెను ఫీజుతో భాగించి చూస్తే ఇది అర నిమిషంలో తెలిసిపోతుంది.

గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉన్న కడప ప్రాంతానికి ఇంకో మాట. 'బహుమతి' అని రాస్తే పన్ను ఉండదన్న నమ్మకం ఇంకా పోలేదు. 5,000 రూపాయల దాకా ఉన్న ఆ మినహాయింపును 2019 డిసెంబరులో తీసేశారు. రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మాత్రం సడలింపు ఉంది. మొత్తం సుంకం 100 రూపాయలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే వసూలు చేయకూడదని కస్టమ్స్ చట్టం 25(6) సెక్షన్ చెబుతుంది. అలాంటి పార్సిల్‌కు కంపెనీ 'సుంకం' పేరుతో డబ్బు అడిగితే కారణం అడగాల్సిందే.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన కాగితం ఒకటుంది, అది మన పార్సిల్ కోసం కంపెనీ కస్టమ్స్‌కు దాఖలు చేసే కొరియర్ బిల్ ఆఫ్ ఎంట్రీ. అందులో విలువ, హెచ్‌ఎస్ కోడ్, మారకం రేటు, ఒక్కో పన్ను విడివిడిగా ఉంటాయి. పార్సిల్‌కు కొరియర్ కంపెనీ ఇచ్చే ఎయిర్‌వే బిల్లు నంబరుతో courier.cbic.gov.in లో పార్సిల్ స్థితి కూడా చూడవచ్చు. నంబరేదీ ఇవ్వకుండా వ్యక్తిగత యూపీఐకి డబ్బు పంపమనే ఫోన్లు మోసమే. జీఎస్టీ నమోదు ఉన్న షాపువాళ్లు తమ జీఎస్టీ నంబరు, దిగుమతి ఎగుమతులు చేసేవాళ్లకిచ్చే ఐఈసీ నంబరు బిల్ ఆఫ్ ఎంట్రీలో పడేలా ముందే చూసుకోవాలి. లేకపోతే పైన చెప్పిన 2,178 రూపాయల ఐజీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ దొరకడం కష్టం. విలువ తప్పుగా పడితే 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. అసలు అసెస్‌మెంట్ సరిదిద్దించకుండా వాపసు కోసం ఊరికే దరఖాస్తు పెడితే నిలబడదు.

వెయ్యి రూపాయల తేడా కోసం ఎవరు అప్పీలుకు పోతారు? కంపెనీలు ఆ సంగతి మీదే నడుస్తున్నాయి. అందుకే కస్టమ్స్ శాఖకు ఒక విన్నపం. డబ్బు అడిగే మెసేజ్‌తో పాటే బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రతి పంపాలని, సుంకం, ఫీజు, ఫీజు మీద జీఎస్టీ మూడూ మూడు వరుసల్లో చూపాలని కొరియర్ కంపెనీలకు లిఖితపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ఆ ప్రతిని డెలివరీకి ముందు చూపించలేని బ్రాంచి, ఫీజు వసూలును అప్పటిదాకా వాయిదా వేయాలని కూడా అందులో రాయండి.

ఇట్లు,
దిగుమతి సుంకాల లెక్కలు చూసే ఒక పాఠకుడు,
అనంతపురం