కేంద్ర వ్యవసాయ మంత్రి గారికి: 2,369 కింద రాయాల్సిన మాటలు

మంత్రి గారూ, నమస్కారం.

2025 మే 28న మీ ప్రభుత్వం ఖరీఫ్ మద్దతు ధరలు ప్రకటించింది. సాధారణ రకం ధాన్యం క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389. ఆ సాయంత్రం మా ఊళ్లో అందరి ఫోన్లకీ ఒకటే మెసేజి, "వరికి 69 రూపాయలు పెంపు" అని. మా గోదావరి డెల్టాలో ఎవరూ క్వింటాళ్లలో మాట్లాడుకోరు, 75 కిలోల బస్తాయే మా లెక్క. మా నాన్నగారు అక్కడికక్కడే లెక్క కట్టి, బస్తా 1,777 పడుతుంది, నిరుటి కంటే 52 ఎక్కువ అన్నారు. కౌలు, కోత మిషన్, ఎరువుల బాకీ అన్నీ ఆ 1,777 మీదే వేసుకున్నారు.

నవంబర్‌లో కోత అయింది. మిషన్‌తో కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది, మీకు తెలియంది కాదు. రోడ్డు పక్కన బరకాలు పరిచి మూడు రోజులు ఆరబెట్టాం. నాలుగో రోజు మబ్బు పట్టింది, ఇక ఆగే ధైర్యం లేక 100 బస్తాలు లారీకెత్తాం. మిల్లులో గుప్పెడు గింజలు తీసి తేమ మీటర్లో పోస్తే 21 శాతం చూపించింది. "17 దాటితే ఎఫ్‌ఏక్యూ నాణ్యత కాదండి, బస్తాకి ఐదు కిలోలు తరుగు" అన్నాడు అక్కడి గుమస్తా. వద్దంటే లోడు వెనక్కి తెచ్చుకోవాలి, లారీ కిరాయి మళ్లీ మాదే. నాన్నగారు సరేనన్నారు.

ఆ రాత్రి నేను కాగితం మీద లెక్క వేశాను. ధాన్యంలో తేమ ఉంటే బరువు తగ్గించాల్సిందే, దాన్ని నేను కాదనడం లేదు. కానీ ఎంత తగ్గించాలన్నది లెక్కకు అందే విషయమే. 21 శాతం తేమ ఉన్న 75 కిలోల్లో అసలు గింజ 79 శాతం, అంటే 59 కిలోల పావు. అదే గింజ 17 శాతం తేమకి ఆరితే తూకం 71 కిలోల 400 గ్రాములకి వస్తుంది. కాబట్టి బస్తాకి న్యాయంగా పోవాల్సింది 3 కిలోల 600 గ్రాములు, మా దగ్గర తీసింది ఐదు కిలోలు. 100 బస్తాల మీద తేడా దాదాపు 139 కిలోలు, మీ ధరలోనే లెక్క కడితే 3,280 రూపాయలు. మా 75 క్వింటాళ్ల మీద మీరు పెంచిన 69 చొప్పున వచ్చే పెంపు మొత్తం 5,175. అందులో సగం కంటే ఎక్కువ ఆ మీటరు దగ్గరే పోయింది.

ఇందులో మీ ప్రకటన తప్పేముంది అంటారేమో. ధర మీ శాఖ చెబుతుంది. ఆ ధర ఎలాంటి ధాన్యానికి వర్తిస్తుందో, 17 శాతం తేమ, తాలు, మట్టి, రంగు మారిన గింజ ఎంతవరకు ఉండొచ్చో ఆహార శాఖ వేరే కాగితంలో చెబుతుంది. రైతు ఫోన్‌కి మొదటిది వస్తుంది, రెండోది మిల్లు గుమస్తా నోట వింటాడు. అతను చెప్పిందే రూలు అనుకోక ఏం చేస్తాడు?

ఇంకో మాట. "ఖర్చు మీద 50 శాతం లాభం" అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఆ ఖర్చు దేశమంతటికీ కలిపి తీసిన సగటు అని, చేతి నుంచి పెట్టిన ఖర్చులకి ఇంటి మనుషుల కష్టం కట్టి వేశారని, సొంత భూమికి కౌలు విలువ అందులో లేదని కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ చదివితేనే తెలుస్తుంది. ఏ గ్రేడుకి ఖర్చు విడిగా లెక్కించలేదని కూడా అక్కడే ఉంటుంది. కట్టిన కౌలు ఆ ఖర్చులో ఉన్నా అది దేశమంతటి సగటే, పంటలో పెద్ద వాటా కౌలుకే పోయే మా డెల్టాలో ఆ 50 శాతం ఎవరికి మిగులుతుందో మీరే చెప్పండి.

"కనీస" అనే మాట సంగతి కూడా చెప్పాలి. అంతకు తక్కువకి ఎవరూ కొనకూడదు కాబోలు అనుకుంటారు మావాళ్లు. నిజానికి అది ప్రభుత్వం తరఫున కొనే ధర. కళ్లం దగ్గరికొచ్చి రొక్కం చేతిలో పెట్టే దళారి తక్కువకి కొంటే ఆ ప్రకటన అతన్ని ఆపదు. ఆ సంగతి ప్రకటనలో ఒక్క వాక్యంగా రాస్తే మాకు కనీసం ముందే తెలుస్తుంది.

నేను అడిగేది ధర పెంచమని కాదు, అది వేరే ఉత్తరం. వచ్చే ప్రకటనలో అంకె పక్కనే "17 శాతం తేమ ఉన్న ధాన్యానికి" అని రాయించండి. దాని కింద 18 నుంచి 24 శాతం దాకా ఏ తేమకి 75 కిలోల బస్తాకి ఎన్ని గ్రాములు తగ్గించొచ్చో చిన్న పట్టిక పెట్టించండి, 40 కిలోల సంచి వాడే తెలంగాణ వాళ్లకి ఆ లెక్కలో. తెలుగులో అచ్చేసి ప్రతి కొనుగోలు కేంద్రంలో, ప్రతి మిల్లు కాటా దగ్గర అంటించమనండి. తరుగు ఎంత, ఏ తేమకి తీశారు అన్నది రశీదు మీద రాసి ఇవ్వమనండి. మాకిచ్చిన రశీదులో 70 క్వింటాళ్లు అని మాత్రమే ఉంది, మేం తోలింది 75 అని ఎక్కడా లేదు.

ఇట్లు,
డెల్టాలో ఒక కౌలు రైతు కొడుకు