పరీక్ష ముందు రాత్రి నాన్నను డ్యూటీ నుంచి స్పేర్ చేయండి: డి.ఆర్.ఎం. గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి,

నమస్కారం అండీ. నేను మీ డివిజన్‌లోని ఒక చిన్న స్టేషన్లో, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్ల దగ్గర పనిచేసే పాయింట్స్‌మన్ కూతురిని. స్టేషన్ పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున ఎవరో ఒకరు నాన్నను పిలిచి "ఏంటయ్యా, మీ అమ్మాయి పెద్దాయనకే ఉత్తరాలు రాస్తోందట" అంటారు. ఆయన తల వంచుకుని ఇంటికొస్తారు. అది నాకిష్టం లేదు.

నాన్న గూడ్స్ ట్రైన్ మేనేజర్ పరీక్షకు చదువుతున్నారు. 2022లో పేరు మార్చారు గానీ మా క్వార్టర్లలో ఇంకా గూడ్స్ గార్డు అనే అంటాం. నాన్న ఇప్పుడున్నది లెవెల్ 2, అంటే మూలవేతనం 19,900 దగ్గర మొదలయ్యే మెట్టు. గార్డుది లెవెల్ 5, అది 29,200 దగ్గర మొదలవుతుంది. దానిమీద రన్నింగ్ అలవెన్స్ వేరే. మా తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడు. ఇంతకన్నా కారణం చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆయన చదువు ఎలా సాగుతుందో ముందు చెబుతాను. అసలు విన్నపం తర్వాత.

వారం పగలు, వారం రాత్రి. రాత్రి వారంలో సాయంత్రం ఎనిమిదికి ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగుతారు, పన్నెండు గంటలు. రైల్వే చట్టంలో ఇలాంటి డ్యూటీకి 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్' అని పేరు. అంటే పన్నెండు గంటల్లో సగమో అంతకన్నా ఎక్కువో పనిలేని సమయం ఉంటుందని లెక్క. అందులోనూ ఒక గంట ఒకే ముక్కగానో, అరగంట చొప్పున రెండు ముక్కలుగానో దొరకాలట. చుట్టాలకు ఈ సంగతి చెబితే అందరిదీ ఒకే ప్రశ్న: "మరి ఆ ఖాళీలో చదువుకోవచ్చుగా?"

కుదరదండీ. మీకు తెలిసిందే, చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. బండి దాటుతున్నప్పుడు స్టేషన్ మాస్టర్ ఒక పక్క, నాన్న అవతలి పక్క దీపం పట్టుకుని నిలబడాలి. పెట్టెలన్నీ పోయేదాకా చక్రాల వైపు చూడాలి. ఎక్కడైనా ఇరుసు వేడెక్కి ఎర్రగా కనిపిస్తోందా, కింద ఏదైనా వేలాడుతోందా, చివరి పెట్టె వెనకాల దీపం ఉందా, ఇదంతా ఆయన కళ్ల మీదే. రెండు బళ్ల మధ్య ఇరవై నిమిషాలు దొరికినా చెవి పక్క స్టేషన్ నుంచి బండి కబురు చెప్పే బ్లాక్ గంట మీదే ఉంటుంది. పుస్తకం తెరిస్తే డ్యూటీలో నిర్లక్ష్యం కింద చార్జిషీటు వస్తుంది. రావాల్సిందే కూడా. చార్జిషీటు ఇచ్చేవాళ్లను నేను తప్పుపట్టను. ఆ రైల్లో నేనూ ఎక్కుతాను కదా.

అందుకే నాన్న చదివేది దిగాకే. ఎనిమిదికి చార్జి ఇచ్చి, టీ తాగి, ప్లాట్‌ఫారం చివర వేప చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుంటారు. ఎనిమిదిన్నర నుంచి పావు తక్కువ పదిదాకా. ఇంటికి ఎందుకు రారంటే, ఒంటిగది క్వార్టర్లో ఆ వేళ కుక్కరు, మిక్సీ, పక్కింటి టీవీ. పైగా వస్తే అమ్మ పడుకోమంటుంది. పదిన్నరకు పడుకుంటే రెండున్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది. పగటి నిద్ర అంతే, ఎంత చీకటి చేసినా సగంలో తెగుతుంది. మళ్లీ నాలుగున్నర నుంచి ఆరుదాకా చదువు, ఏడుంబావుకు క్యారేజీ పట్టుకుని బయల్దేరడం. మొత్తం రోజుకు రెండు ముప్పావు గంటలు.

మొదట్లో వేప చెట్టు కిందే కొత్త పాఠాలు మొదలుపెట్టేవారు. మూడు రోజులు ఒకే పేజీ. నాలుగో రోజు నేను పుస్తకం పట్టుకుని అడిగితే ఒక్క ముక్క లేదు. అప్పుడు కోపమొచ్చి "నా బుర్ర తుప్పు పట్టిందే" అన్నారు. తుప్పు కాదు, వేళ తప్పు. తర్వాత మార్చుకున్నాం. పొద్దున కొత్తది ముట్టుకోకూడదు, నిన్నటిది చూడకుండా రాయడమే. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు రాసేవారు. ఎక్కడ ఆగిపోయారో అక్కడ చుక్క పెట్టేవారు. కొత్త పాఠం నిద్ర లేచాక నాలుగున్నరకు. రెండు వారాల్లో చుక్కలు సగమయ్యాయి.

తగ్గని చుక్క ఒకటుంది. ఓవర్‌ల్యాప్.

బళ్లు నడిపే నిబంధనల పుస్తకం జనరల్ రూల్స్‌లో రెండు ఓవర్‌ల్యాప్‌లు ఉన్నాయి. బ్లాక్ ఓవర్‌ల్యాప్ అంటే వెనక స్టేషన్‌కు లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి, ఇవ్వాలంటే మన మొదటి స్టాప్ సిగ్నల్ దాటాక ఖాళీగా ఉండాల్సిన దూరం. ఒక్కో సిగ్నల్ రెండే సూచనలు చూపించే టూ ఆస్పెక్ట్ ఉన్నచోట 400 మీటర్లు, అంతకన్నా ఎక్కువ చూపించే మల్టిపుల్ ఆస్పెక్ట్ ఉన్నచోట 180. సిగ్నల్ ఓవర్‌ల్యాప్ అంటే బండిని లోపలికి తీసుకోవాలంటే, అది ఆగాల్సిన స్టార్టర్, అంటే స్టేషన్ నుంచి బయటికి పంపే సిగ్నల్, దాటాక ఖాళీగా ఉండాల్సిన దూరం. ఇది టూ ఆస్పెక్ట్‌లో 180, మల్టిపుల్ ఆస్పెక్ట్‌లో 120. చూశారుగా, 180 రెండు చోట్లా ఉంది. నిద్రలేని తలకు అది ఉచ్చు. గార్డు బండికి రక్షణ కల్పించడానికి 600 మీటర్ల దగ్గర, చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించే డిటోనేటర్ ఒకటి, 1200 దాటాక పదేసి మీటర్ల దూరంలో మూడు పెట్టాలన్నది నాన్నకు ఒక్కసారికే వచ్చేసింది, ఎందుకంటే డిటోనేటర్ చేత్తో పట్టుకున్న మనిషి. ఓవర్‌ల్యాప్‌ను చేత్తో పట్టుకోలేం. చివరికి ఒకరోజు డ్యూటీ దిగాక స్టార్టర్ వైపు చూపిస్తూ ఆయనే అన్నారు: "బయట నుంచి పరిగెత్తుకొచ్చేవాడికి పెద్ద జాగా కావాలి, లోపలికొచ్చి ఆగేవాడికి చిన్న జాగా చాలు. పెద్ద జత బ్లాక్‌ది, చిన్న జత సిగ్నల్‌ది." ఆ రోజు నుంచి ఇంట్లో తప్పు చెప్పలేదు.

ఇక పోయినసారి పరీక్ష సంగతి.

పరీక్ష సోమవారం పొద్దున పదకొండుకు, ఊరు రెండు గంటల ప్రయాణం. నాన్నది రాత్రి వారం. కాల్ లెటర్ రాగానే, పది రోజుల ముందే సెలవు చీటీ పెట్టారు. మాస్టర్ గారు పైకి పంపారు. సెలవులో ఉన్నవాళ్ల బదులు పనిచేసే రెస్ట్ గివర్ వస్తాడన్నారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్. పక్క స్టేషన్లో ఒకాయనకు జ్వరం, రెస్ట్ గివర్‌ను అటు పంపారు, "ఈ ఒక్క రాత్రి చేసెయ్, పొద్దున స్పేర్ చేస్తాం." నాన్న సరేనన్నారు. వేరే ఏమంటారు?

ఆ రాత్రి రెండున్నరకు వానలో పాయింటు ఫెయిలయింది. క్రాంక్ హ్యాండిల్ పట్టుకుని వెళ్లి, చేత్తో తిప్పి, క్లాంపు బిగించి తాళం వేసి, బండికి చేతి సిగ్నల్ చూపించి, మళ్లీ వెనక్కి. నాలుగు దాటేదాకా అదే. ఎనిమిదింటికి స్పేర్ మెమో చేతికొచ్చింది. ఎనిమిదీ ఇరవై ప్యాసింజర్ అరగంట లేటు. సెంటర్లో గేటు మూయడానికి ముందు పరిగెత్తి చేరారు, యూనిఫాం ప్యాంటు బురదతోనే.

ఓవర్‌ల్యాప్ ప్రశ్న వచ్చిందండీ. మల్టిపుల్ ఆస్పెక్ట్, సిగ్నల్ ఓవర్‌ల్యాప్ ఎంత అని. తెర మీద నాలుగు జవాబులు. నాన్న 180 నొక్కారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చిందట. తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఫలితం వచ్చాక చూస్తే అర్హతకు రెండు మార్కులు తక్కువ. ఆ ఒక్క ప్రశ్నే ముంచిందని నేననను, ఇంకా తప్పులున్నాయి. కానీ ఇంట్లో ఆ నెలంతా నేను పెట్టిన పరీక్షల్లో ఆయన ఎప్పుడూ అంత తక్కువ తెచ్చుకోలేదు.

ఆ రోజు ఫోన్ చేసినాయన మీద నాకు కోపం లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక్క రెస్ట్ గివరు, ఖాళీలు రెండు. కోపం ఎక్కడంటే, ఆ మనిషికి ఆ సంగతి ఆదివారం సాయంత్రం తెలియడం. పరీక్షకు ఎవరెవరు వెళ్తున్నారో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ బ్రాంచ్‌కు వారాల ముందే తెలుసు, జాబితా వాళ్లే తయారు చేస్తారు. ఎవరికి ఏ డ్యూటీ అన్న రోస్టర్ వేసేది ఆపరేటింగ్ వాళ్లు. ఆ జాబితా ఈ రోస్టర్ బల్ల మీదికి రాదు. మధ్యలో ఉన్నది నాన్న సెలవు చీటీ ఒక్కటే. సెలవన్నది ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు.

చివరి నిమిషంలో ఎవరినో ఒకరిని తెచ్చి నిలబెట్టడం కుదరదని కూడా నాకు తెలుసు. కొత్త స్టేషన్లో పనిచేయాలంటే అక్కడి వర్కింగ్ రూల్స్ చదివి, అర్థమైందని అస్యూరెన్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. అందుకే ముందే తెలియాలంటున్నాను. పది రోజుల ముందు పేరు ఖాయమైతే వచ్చేవాడు ఒక పగలు వచ్చి యార్డు చూసుకుని సంతకం పెట్టి వెళ్తాడు. ముందు సాయంత్రం తెలిస్తే పెట్టలేడు.

2025 మార్చిలో శాఖాపరమైన ప్రమోషన్ పరీక్షలన్నీ రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల ద్వారా కంప్యూటర్ మీదే పెట్టాలని రైల్వే శాఖ నిర్ణయించింది. మంచిదే అనుకుంటాను, మౌస్ పట్టుకోవడం నాన్నకు నేను నేర్పాల్సొచ్చినా సరే. కాబట్టి పరీక్ష తేదీ, వేళ మీ చేతిలో లేవు. పరీక్ష ముందు రాత్రులు మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి.

నేనడిగేది ఇంతే. కాల్ లెటర్లు వచ్చిన రోజే ఆ జాబితా రోస్టర్ వేసేవాళ్లకు చేరేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. పరీక్షకు ముందు రెండు రాత్రులు ఆ మనిషిని రాత్రి డ్యూటీ నుంచి తప్పించండి. ఒక్క రాత్రి చాలదు, చెడిన నిద్ర ఒక్క రాత్రిలో దారికి రాదని ఇంట్లో చూస్తూనే ఉన్నాను. సెలవు అక్కర్లేదు, పగలు డ్యూటీ వేసినా చేస్తారు. ఒకే స్టేషన్ నుంచి ఒకే రోజు ఇద్దరు వెళ్లాల్సొస్తే కష్టమే, అప్పుడు ఇద్దరికీ చెరో రాత్రి దక్కినా మేలే. స్పేర్ మెమో మీద తేదీతో పాటు గంట కూడా రాయించండి. పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి స్పేర్ చేస్తే కాగితం మీద స్పేర్ చేసినట్టే ఉంటుంది మరి.

కొత్త నోటిఫికేషన్ వచ్చింది. నాన్న దరఖాస్తు పెట్టారు. నేనిది రాస్తున్నప్పుడు పొద్దున తొమ్మిదింబావు, ఆయన వేప చెట్టు కింద ఉంటారు. నిన్న తెచ్చిన క్యాలెండర్ కాగితం నా పక్కనే ఉంది. ఓవర్‌ల్యాప్ దగ్గర చుక్క లేదు, పొగమంచులో పట్టాల మీద పెట్టే ఫాగ్ సిగ్నల్స్ దగ్గర ఒకటుంది. 270 మీటర్లు అన్నది రాశారు గానీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో రాయలేదు. లేచాక అడగాలి.

ఇట్లు,
మీ డివిజన్‌లో ఒక పాయింట్స్‌మన్ కూతురు