గుట్ట మీది బొమ్మల వయసు బోర్డు మీద రాయించకండి

వారసత్వ శాఖ సంచాలకుల గారికి,

నమస్కారం. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. ఊరి పక్క గుట్టలో బండ ముందుకు వాలి కప్పులా నిలిచిన ఓ పెద్ద చరువ ఉంది. దాని కప్పు మీద ఎర్ర రంగుతో వేసిన మూపురం ఎడ్లు, మనుషులు ఉన్నారు. అక్కడ మీ శాఖ వాళ్ళు బోర్డు పెడుతున్నారని తెలిసి సంతోషించాం. దాని మీద రాయడానికి మాటలు ఇమ్మని నన్నే అడిగారు, నేను సైన్సు టీచర్ని కాబట్టి. వాళ్ళు పంపిన చిత్తుప్రతిలో “10 వేల ఏళ్ళ నాటి చిత్రాలు” అని ముందే ఉంది. ఆ అంకె ఎక్కడిదని అడిగితే “అంతే ఉంటది సార్” అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఎరుపు మనకు కొత్తది కాదు. పండక్కి మా అమ్మ అరుగుకు పూసే జాజే అది. ఇనుము తుప్పు పట్టి మట్టిలో కలిసిన రాయి. దాన్ని బండ మీద నీళ్ళతో అరగదీస్తే మెత్తటి ఎర్ర ముద్ద వస్తుంది. పసుపు పచ్చటి మట్టి దొరికితే నిప్పుల్లో కాలుస్తారు. సుమారు 250, 300 డిగ్రీల వేడికి అందులో ఉన్న నీరు పోయి అదీ ఎర్రగా మారుతుంది. ఆ నలుసులు రాతి సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోతాయి. ఇనుము ముందే తుప్పు పట్టిపోయింది కాబట్టి ఎండకు వెలిసే పని లేదు. అందుకే మా అరుగు ఏడాదికోసారి పూయాల్సి వచ్చినా, వాన తగలని చరువలో బొమ్మ నిలిచింది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. వయసు తేల్చే పద్ధతుల్లో అందరికీ తెలిసింది కార్బన్ పరీక్ష. బొగ్గుతో గీసిన బొమ్మైతే ఆ బొగ్గునే పరీక్షించవచ్చు. జాజులో కార్బన్ లేదు. బంక కోసం జిగురో కొవ్వో కలిపి ఉంటే అది ఎప్పుడో పోయి ఉంటుంది. ఇండోనేషియా గుహల్లో బొమ్మల మీద పేరుకున్న సున్నపు పొరలోని యురేనియంతో వయసు లెక్కగట్టారు. అవి సున్నపురాయి గుహలు. మాది గ్రానైట్ గుట్ట, అలాంటి పొర లేదు.

అలాగని దారి లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో ఒక చరువ కప్పు మీద రెండు మీటర్ల కంగారూ బొమ్మ ఉంది. దాని వయసు తేల్చడానికి పరిశోధకులు కుమ్మరి పురుగుల గూళ్ళను పట్టుకున్నారు. మన ఇంటి చూరులో మట్టి గూడు కట్టే కందిరీగ లాంటిదే అది. మట్టి తెచ్చేటప్పుడు అడవి మంటల్లో మిగిలిన బొగ్గు నలుసులూ తెస్తుంది. మూడు గూళ్ళు బొమ్మ కింద, మూడు బొమ్మ పైన దొరికాయి. రంగు కింద ఉన్న గూడు బొమ్మ కంటే ముందుది, రంగు మీద ఉన్నది తరవాతిది. బొగ్గులో రేడియోకార్బన్ 5,730 ఏళ్ళకు సగమవుతుంది. అలా మూడుసార్లు సగమై ఎనిమిదో వంతు మిగిలితే వయసు 17 వేల చిల్లర. ఆ గూళ్ళను బట్టి బొమ్మ 17,500, 17,100 ఏళ్ళ మధ్యలో వేసిందని 2021లో ప్రకటించారు. అంటే పరీక్షించింది రంగును కాదు, దానికి అటూ ఇటూ ఉన్న మట్టిని.

ఇందులోనూ పొరపాటు పడొచ్చు. పురుగు తెచ్చిన నలుసు అప్పటికే పాత బొగ్గైతే గూడు ఉన్నదానికంటే ముసలిదిగా కనిపిస్తుంది. ఒక్క గూడును నమ్మకూడదు. పైన ఉన్న గూళ్ళు మాత్రమే దొరికితే “కనీసం ఇంత పాతది” అనగలం గానీ, ఎంత పాతదో చెప్పలేం.

ఇప్పుడు మా తప్పు. మొన్న ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి చరువ శుభ్రం చేశాం. ఫొటో బాగా రావాలని బొమ్మల మీద నీళ్ళు చల్లాం, చీపురు కట్టెతో మట్టి గూళ్ళన్నీ గీకేశాం. ఒక గూడు ఊడిన చోట ఎద్దు తోక రంగు దాని అంచు మీదికి ఎక్కి ఉండడం నేను చూశాను. అప్పుడది ఏంటో నాకు తెలీదు. బహుశా అదే రంగు కింది గూడు. మా గుట్టకు ఎండాకాలం నిప్పంటుకోవడం మామూలే, అందులో బొగ్గు ఉండే ఉండేది. పిల్లలు దాన్ని ఊడ్చి లోయలో పోశారు.

కాబట్టి బోర్డు మీద “ఎర్ర జాజుతో వేసిన పాత చిత్రాలు, వయసు ఇంకా తేల్చలేదు” అని మాత్రం రాయించండి. ఫెన్సింగ్ పనికి వచ్చేవాళ్ళతో బండను కడిగించవద్దని, సున్నం వేయించవద్దని రాతపూర్వకంగా చెప్పండి. ముందుగా ప్రతి గూడునూ కొలబద్ద పెట్టి ఫొటో తీయించి, రంగు దాని మీద ఉందా, కింద ఉందా రాయించండి. తర్వాత గూళ్ళను తీసేది ల్యాబ్ వాళ్ళే కావాలి.

మా చీపురుకు అందని ఎత్తులో, పడమటి మూల కప్పు మీద, ఇంకా రెండు గూళ్ళున్నాయి. మీవాళ్ళు వస్తే నిచ్చెన నేను తెస్తాను.

ఇట్లు,
ఒక హైస్కూల్ టీచర్