ఆ అరగంట ఇచ్చిన ఆవిడకు

అమ్మ థైరాయిడ్ గడ్డ ప్రమాదకరమైనది కాదని ఈ రోజు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. ఇంటికి వచ్చి అన్నం తిని అందరూ నిద్రపోయారు. నాకు కళ్ళు మండుతున్నా రాయకుండా పడుకోలేను.

మా వారు, తమ్ముడు, మరదలు ఈ నెలంతా వంతులు వేసుకుని అమ్మను చూసుకున్నారు. వాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ ఉత్తరం ఒక పరాయి మనిషి కోసం. పేరు రాయవద్దని ఆవిడ మరీ మరీ చెప్పారు కాబట్టి రాయడం లేదు.

గడ్డలోంచి సూదితో నమూనా తీసే మొదటి పరీక్ష జరిగిన రోజు ఆసుపత్రి హాల్లో కూర్చుని తమ్ముడితో ఫోనులో మాట్లాడుతున్నాను. క్యాన్సర్ అయితే? ఆపరేషన్ చేస్తే గొంతు పోతే? సెలవు దొరక్కపోతే? ఫోను పెట్టేశాక కూడా అవే ప్రశ్నలు. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ, "తెలుగువాళ్ళా తల్లీ?" అని అడిగారు. సొంత ఊరు హిందూపురమట. మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త కంటి పరీక్షకు వచ్చి కూర్చున్నారు. నేను ఏడ్చేశాను. ధైర్యంగా ఉండమని ఆవిడ అనలేదు. "రోజులో ఎంతసేపు ఇలా ఆలోచిస్తున్నావు?" అని అడిగారు. లేచినప్పటి నుంచి అన్నాను. "అయితే దానికి ఒక వేళ పెడదాం" అన్నారు.

మందుల బిల్లు వెనక్కి తిప్పి రాసిచ్చారు. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు వరకు, ఒకే చోట. మంచం మీద వద్దు, పడుకునే వేళకు దగ్గరగా అసలే వద్దు. పగలు ఆలోచన వస్తే రెండే మాటలు రాసుకుని, ఐదున్నరకు చూద్దామని చెప్పి, చేతిలో ఉన్న పనిలోకి రావాలి. ఆరు కాగానే, ఆలోచన సగంలో ఉన్నా సరే, లేచిపోవాలి.

ఇది ఆవిడ సొంతంగా కనిపెట్టింది కాదు. అమెరికాలో థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లోనే దీని గురించి రాశారట. దిగులు బస్సుకూ, మంచానికీ, ఆఫీసు బల్లకూ అన్నిటికీ అంటుకుని ఉంటుంది. అక్కడికి వెళ్ళగానే అదే మొదలవుతుంది. దాన్ని ఒక చోటికి, ఒక వేళకు కట్టేస్తే మిగతా చోట్లు మెల్లగా వదులవుతాయి. ఆవిడ చెప్పింది ఇంతే, నాకు వెంటనే అర్థమైంది. బెంగళూరులో మారతహళ్ళి వంతెన కనబడగానే నా గుండె దడదడలాడేది, ఎందుకంటే రోజూ అక్కడ బస్సు ఆగినప్పుడే నేను ఆలోచించేదాన్ని.

మా బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాన్నే ఎంచుకున్నాను. మొదటి రోజు చిన్న పుస్తకంలో ముప్పై ఒక్కసారి రాశాను. మూడో రోజు తప్పు చేశాను. ఆఫీసులో రెండు మాటలకు బదులు పేజీన్నర రాశాను. రాస్తున్నంతసేపూ దిగులు పడుతూనే ఉన్నాను. ఐదో రోజు బాగానే ఉంది కదా అని స్టూలు దగ్గరకు వెళ్ళలేదు. ఆ రాత్రి రెండింటి వరకు నిద్ర లేదు. "రమ్మని పిలిచి నువ్వే రాకపోతే ఇంకెవరు నమ్ముతారు? నీ మనసూ అంతే. ఐదున్నరకు నువ్వు కూర్చుంటావని దానికి నమ్మకం కలగాలి, అప్పుడే పగలు ఆగుతుంది" అన్నారు ఆవిడ.

ఎలా అన్నారంటే, ఫోనులో. ఆ హాల్లో నా నంబరు తీసుకుని, పన్నెండు రోజులు సరిగ్గా ఐదున్నరకు ఫోను చేశారు. "కూర్చున్నావా?" అంతే. మళ్ళీ ఆరింటికి, "లేచావా?" ఏదైనా తప్పినరోజు మాత్రం ఇంకో రెండు మాటలు. భర్త కంట్లో చుక్కలు వేయడం, వంట, తన పనులు అన్నీ పెట్టుకుని, ఏమీ కాని నా కోసం గడియారం చూశారు. పదమూడో రోజు ఫోను రాలేదు. నేనే కూర్చున్నాను. లేచాక చేస్తే, "ఇక నీకు నేను అక్కర్లేదు తల్లీ" అన్నారు. ఆ మాటకు చాలాసేపు ఆ స్టూలు దగ్గరే నిలబడిపోయాను.

కూర్చున్నాక ఏం చేయాలో కూడా చెప్పాలి, లేకపోతే అరగంట అదే సుడిలో తిరుగుతాం. పొద్దుటి నుంచి రాసినవి చదవాలి. చాలావాటికి సాయంత్రానికి పదును ఉండదు, వాటిని కొట్టేయాలి. మిగిలిన ఒక్కోదాన్ని, ఇందులో నా చేతిలో ఉన్న పని ఏమిటని అడగాలి. ఒకరోజు "నమూనా చాలిందా" అని ఉంది. దానికి పని ఉంది కాబట్టి, "రేపు పదింటికి ల్యాబుకు ఫోను" అని పక్కన రాశాను. ఇంకోటి "అమ్మ గొంతు". ఆపరేషన్ మాటే ఇంకా లేదు, చేయడానికి పనేమీ లేదు. దాన్ని పరిష్కరించబోకుండా, భయం చివరిదాకా రాయమన్నారు. అమ్మ పొద్దున్నే పాడే పాటలు ఆగిపోతాయని, మా పాపకు అవి గుర్తుండవని రాసి ఏడ్చాను. నాలుగు రోజులు అదే రాశాక ఐదో రోజు రాయడానికి కొత్తగా ఏమీ దొరకలేదు.

ల్యాబుకు ఫోను చేసినందుకే తెలిసింది, నమూనా నిజంగానే చాలలేదని! వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు తిప్పారు, మూడు వారాల తర్వాత మళ్ళీ సూది అన్నారు. మనసు బాధ చెప్పుకోవడానికి కౌన్సెలర్ గది తలుపు మీద బోర్డు ఉంది, తేదీ మాత్రం ఐదు వారాల తర్వాత ఇచ్చారు. అంత పెద్ద భవనంలో ఎదురుచూసే మనిషికి ఈ నాలుగు మాటలు చెప్పేవారు ఒక్కరూ లేరా? పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న అదృష్టం మీద ఇది ఆధారపడాలా? నాకు కోపంగానే ఉంది.

ఆలోచనలు పూర్తిగా ఆగవు. పన్నెండో రోజు కూడా పది రాశాను. కానీ రాసి మళ్ళీ పనిలోకి రావడానికి ఒక్క నిమిషం చాలింది. రాకూడదని తోసేస్తే మాత్రం రెట్టింపై వస్తాయి. వాయిదా వేయడం వేరు, తోసేయడం వేరు. అమ్మకు మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా ఐదున్నర దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలని ఆవిడ గట్టిగా చెప్పారు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా ఈ అరగంట సరిపోదు, 14416కు ఫోను చేయమన్నారు. అది కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు.

అయ్యో, ఇంకా కొందరున్నారు. రెండోసారి సూదికి వర్షంలో ఇంటి ముందు దాకా వచ్చి ఎక్కించుకున్న ఆటో అన్న. సాయంత్రం ఐదున్నరకు నా ఫోనులు తాను తీసుకున్న ఆఫీసు కన్నడ స్నేహితురాలు. పై అంతస్తు నుంచి నాలుగుసార్లు పెరుగన్నం పంపిన అక్క. పాపను స్కూలు నుంచి తెచ్చిన వాచ్‌మన్ భార్య, ఆమె గురించి ముందే రాయాల్సింది.

ఆ రోజు బిల్లు వెనక రాయడానికి ఆవిడ దగ్గర పెన్ను లేకపోతే మందుల కౌంటర్ అబ్బాయి తన జేబులోది ఇచ్చాడు. అది ఇంకా నా పుస్తకంలోనే ఉంది. రేపు రిపోర్టు అసలు కాగితం తెచ్చుకోవడానికి వెళ్తాను కదా, అప్పుడు ఇచ్చేస్తాను.