గేటు మీది నోటీసు ముందు చదవండి

సంపాదకులు గారికి,

నమస్కారం. స్కూళ్లలో, కాలేజీల్లో హిజాబ్, బుర్ఖా, అయ్యప్ప మాల దుస్తుల గురించి మీ పాఠకుల పేజీలో కొద్ది రోజులుగా వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లు పౌరశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. హిజాబ్ ఆడవాళ్ల అణచివేతకు గుర్తు కాబట్టి నిషేధించాలని ఒకరు రాశారు. అది మా మతంలో తప్పనిసరి కాబట్టి ఎవరూ ఆపకూడదని ఇంకొకరు జవాబిచ్చారు. మొదటాయన తనకు తోచిన అర్థాన్ని పట్టుకుని నేరుగా చట్టం దగ్గరికి వెళ్లిపోయారు. రెండో ఆయన ఆచారాన్ని పట్టుకుని అక్కడికే చేరారు. అసలు ఆ నియమం ఎవరు పెట్టారు, ఏ అధికారంతో పెట్టారు, ఏ అవసరానికి పెట్టారు అన్నది ఇద్దరూ అడగలేదు.

గుర్తు సంగతి ముందు చెప్పి వదిలేస్తాను. తలమీది గుడ్డకు అర్థం చూసేవాళ్లను బట్టి మారుతుంది. మన తండాల్లో పెద్దవయసు లంబాడా ఆడవాళ్లు తలమీద టుక్రి వేసుకుంటారు. కాజీపేట దర్గాకు వెళ్లే హిందువులు జేబురుమాలు తలకు కట్టుకుంటారు. మే నెల ఎండల్లో వరంగల్ రోడ్ల మీద స్కూటీ నడిపే అమ్మాయిలు కళ్లు తప్ప ముఖమంతా స్కార్ఫ్‌తో చుట్టేసుకుంటారు. దాన్ని అణచివేత అని ఎవరూ అనరు. అర్థాల మీద వాదించుకోండి, ఇంట్లో, వేదిక మీద, పత్రికలో ఎంతైనా వాదించుకోండి. కానీ ఆ వాదనలో నెగ్గినంత మాత్రాన ఎదుటివాళ్ల తలమీద చెయ్యి వేసే హక్కు రాదు.

ఇక ఆచారం. ఇక్కడే మన వాళ్లు గమనించని చిక్కు ఒకటుంది.

2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం యూనిఫాం మీద ఇచ్చిన ఉత్తర్వును ఆ రాష్ట్ర హైకోర్టు మార్చి 15న సమర్థించింది. హిజాబ్ ఇస్లాంలో అనివార్యమైన మతాచారం కాదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. ఈ 'అనివార్య ఆచారం' అనే కొలత రాజ్యాంగంలో రాసి ఉన్నది కాదు. 1954లో శిరూర్ మఠం కేసుతో మొదలై తీర్పుల్లో పెరుగుతూ వచ్చింది. మతం నుంచి ఆ ఆచారాన్ని తీసేస్తే ఆ మతం స్వరూపమే మారిపోతుందా అని అది అడుగుతుంది. మారిపోతే రక్షణ ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ తీర్పు వచ్చినప్పుడు మా వీధిలో సంతోషించినవాళ్లు ఉన్నారు. ఇదే కొలతను మన అయ్యప్ప మాల మీద పెట్టి చూడమని వాళ్లను అడుగుతున్నాను. మాల వేసుకున్న స్వామి 41 రోజులు నల్లబట్టలు కడతాడు, చెప్పులు వేసుకోడు, గడ్డం తీయడు, తెల్లారకముందే చన్నీళ్ల స్నానం చేస్తాడు. ఇదంతా ఆయన ఇష్టపడి పట్టే దీక్ష. మాల వేసుకోనివాడు హిందువు కాకుండా పోడు. జీవితంలో ఒక్కసారి కూడా శబరిమల వెళ్లనివాళ్లు మనలో కోట్లమంది ఉన్నారు. కాబట్టి నల్లబట్టలు 'అనివార్యం' అని కోర్టులో నిరూపించడం దాదాపు అసాధ్యం. ముస్లిం పిల్ల స్కార్ఫ్‌ను గేటు బయట ఆపిన కొలతే స్వామి నల్లచొక్కానూ ఆపుతుంది. హనుమాన్ దీక్ష కాషాయానికీ అదే గతి. ఇది నాకు సమ్మతం కాదు, చాలామంది పాఠకులకూ కాకపోవచ్చు. అంటే తప్పు ఆ కొలతలోనే ఉంది.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర ఒక మిషనరీ బడికి కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. తల్లిదండ్రులను తీసుకుని రమ్మని ప్రిన్సిపాల్ చెప్పారు. ఆ తర్వాత ఒక గుంపు బడి మీద పడి అద్దాలు పగలగొట్టింది, మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు వేసింది. మతభావాలను గాయపరిచారని బడి యాజమాన్యం మీద పోలీసు కేసు కూడా పెట్టారు. ఆ గొడవలో అడగాల్సిన ప్రశ్నలు చాలా చిన్నవి. దీక్షలో ఉన్న పిల్లలకు యూనిఫాం నుంచి మినహాయింపు ఉందా? ఉంటే ఎవరిని అడగాలి, ఎన్ని రోజులకు అడగాలి? ఆ మాట అడ్మిషన్ రోజే తల్లిదండ్రులకు కాగితం మీద చెప్పారా? బడివాళ్లూ తల్లిదండ్రులూ కూర్చుంటే అరగంటలో తేలిపోయే విషయం ఇది. కాషాయానికి అవమానమా, బడికి అవమానమా అన్న దగ్గరే అందరూ ఆగిపోయారు కాబట్టి రాళ్ల దాకా వచ్చింది.

మరి చట్టం ఏం అడగాలి? దీనికి దారి చూపిన తీర్పు 1986లోనే వచ్చింది. రాసినది మన తెలుగువాడు, గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వస్తుంటే మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, గొంతు మాత్రం కలిపేవాళ్లు కాదు. వాళ్లను బడి నుంచి తీసేశారు. ఆ నమ్మకం సరైనదా, తెలివైనదా అనే జోలికి సుప్రీంకోర్టు పోలేదు. పిల్లలు దాన్ని నిజాయితీగా నమ్ముతున్నారా అని చూసింది. నమ్ముతున్నారని తేలాక ప్రశ్న ప్రభుత్వం వైపు తిరిగింది. ఆ పిల్లల్ని తీసేయడానికి ఏ చట్టం ఆధారం? చూస్తే విద్యాశాఖ సర్క్యులర్లు తప్ప శాసనబలం ఉన్నదేదీ లేదు. పిల్లల్ని మళ్లీ చేర్చుకోమని కోర్టు చెప్పింది. రాజ్యాంగం 25వ అధికరణం శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి మతస్వేచ్ఛ ఇస్తుంది. అంటే ఆపాలనుకునేవాళ్లే కారణం చూపించాలి. వేసుకునేవాళ్లు శాస్త్రాలు తిరగేసి రుజువు తేవాలనడం బరువును తలకిందులుగా మోయించడమే.

హిజాబ్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు 2022 అక్టోబర్ 13న ఇద్దరు న్యాయమూర్తులు విడిపోయింది కూడా దాదాపు ఈ గీత మీదే. యూనిఫాం అందరికీ ఒకటే అని జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వును సమర్థించారు. అనివార్య ఆచారమా కాదా అన్న చర్చే ఈ కేసుకు అక్కర్లేదని, అది ఆ పిల్ల ఎంపిక అని జస్టిస్ సుధాంశు ధూలియా ఆ ఉత్తర్వును కొట్టేశారు. విషయం అక్కడ తేలలేదు, పెద్ద ధర్మాసనం కోసం ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. కర్ణాటక హైకోర్టు తీర్పు మన తెలంగాణ కాలేజీలను కట్టిపడేయదు. "సుప్రీంకోర్టు హిజాబ్‌ను నిషేధించింది కదా" అని మీ పేజీలో ఒకరు రాశారు. అలాంటి తీర్పు లేదు.

కారణం అడగడం ఎలా ఉంటుందో పరీక్ష హాలు దగ్గర బాగా తెలుస్తుంది. ఆ డ్యూటీలు నేనూ చేశాను, ఆ టెన్షన్ నాకు తెలుసు. హాల్‌టికెట్‌లో ఉన్న మనిషీ, వచ్చిన మనిషీ ఒకరేనా అన్నది మొదటి అవసరం. దానికి ముఖం కనపడాలి. తలమీద స్కార్ఫ్ ఉన్నా ముఖం కనపడుతుంది కాబట్టి అక్కడ గొడవే లేదు. ముఖం కప్పే నఖాబ్ ఉంటే ఒక గదిలో లేడీ టీచర్ ముందు తీసి చూపిస్తే సరిపోతుంది. పోలింగ్ బూత్‌లో మహిళా సిబ్బంది చేసేది కూడా ఇదే. రెండో అవసరం చెవిలో బ్లూటూత్ లాంటివి లేవని చూడటం. 2016లో మెడికల్ ఎంట్రన్స్ విషయంలో కేరళ హైకోర్టు హిజాబ్‌తో రాయనిచ్చింది, కాకపోతే ముందుగా వచ్చి మహిళా సిబ్బందితో తనిఖీ చేయించుకోవాలంది. ఇప్పుడు నీట్ నిబంధనల్లోనూ సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్లు తనిఖీ కోసం ముందుగా రావాలనే ఉంటుంది. నియమం పని నెరవేరింది, ఎవరి తలా బోడి కాలేదు.

దీని పక్కన 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రోజు ఆదిలాబాద్‌లో లేచిన దుమారం గుర్తు చేసుకోండి. ఒక కేంద్రం దగ్గర ఆడవాళ్లతో పుస్తెలు, గాజులు తీయిస్తున్నారని వీడియో తిరిగింది. వెంటనే "బుర్ఖాను లోపలికి పంపించి పుస్తెలు తీయిస్తారా" అని మొదలైంది. పోలికతో ఎవరికీ న్యాయం జరగదు. పుస్తెలతో కాపీ కొట్టడం ఎలా కుదురుతుందని అడగాలి. జవాబు లేకపోతే పుస్తెలు తీయించడం తప్పు. బుర్ఖాను తనిఖీ చేశారా అని విడిగా అడగాలి. చేసి ఉంటే అక్కడ తప్పేం లేదు. ఒకరి విషయంలో జరిగిన తప్పు ఇంకొకరి హక్కును తగ్గించదు.

యూనిఫాం ఎందుకు, అందరూ ఒకేలా కనపడాలనే కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, దీన్ని కొట్టిపారేయలేను. పేద, ధనిక తేడా తరగతిలో కనపడకూడదన్నది యూనిఫాం చేసే మంచి పని. యూనిఫాం రంగులోనే ఉన్న స్కార్ఫ్‌తో ఆ పని చెడదు. సిక్కు పిల్లల తలపాగాతో ఇన్నేళ్లూ చెడలేదు కూడా. కెమిస్ట్రీ ల్యాబ్‌లో, వర్క్‌షాప్‌లో యంత్రాల దగ్గర వేలాడే గుడ్డ ప్రమాదం. అక్కడ లోపలికి దోపుకోమనడం, బిగించి కట్టుకోమనడం సబబు. ఆ నియమం ఓణీకీ, స్వామి కండువాకూ ఒకేలా వర్తించాలి.

ఇంట్లో బలవంతంగా కప్పిస్తున్నారనే మాటా ఉంది. కొన్ని ఇళ్లలో నిజమే. కానీ బలవంతపెట్టిన తండ్రికో అన్నకో గేటు దగ్గరి నిషేధం తగలదు. వాళ్లు పిల్లను ఇంట్లో కూర్చోబెడతారు, చదువు పోయేది ఆ పిల్లకు. హిజాబ్ వేసుకుందని చదువు ఆపితే ఆమె బతుకు బాగుపడుతుందా అని జస్టిస్ ధూలియా అడిగింది దీన్నే. వేసుకోను అని చెప్పే పిల్లకు అండగా నిలవడమూ అదే హక్కులో భాగం. ఈ మాట మా ముస్లిం స్నేహితులు కొందరికి నచ్చదని తెలుసు.

సంపాదకులు గారూ, మీ విలేకరులకు ఒక మనవి. ఇలాంటి గొడవ జరిగినప్పుడు ఎవరు ఏ నినాదం ఇచ్చారో రాసే ముందు, ఆ నియమం నోటీసును ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయండి. సంతకం ఎవరిది, తేదీ ఏది, ప్రభుత్వ ఉత్తర్వా లేక యాజమాన్యం సొంత నిర్ణయమా, కారణం ఏం రాశారు అన్నవి పాఠకులకు కనపడాలి. నోటీసే లేకుండా వాచ్‌మన్ నోటిమాటతో ఆపి ఉంటే ఆ సంగతీ రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ