మాస్టర్‌గారు లేని అయిదు నెలలు, ఒక ఉత్తరం

“అక్కా, మాస్టర్‌గారు వేసవి నుంచి షాపుకి రావట్లేదని మా తోడికోడలు చెప్తే ఇప్పుడు తెలిసింది. మరి శ్రావణంలో మా బ్లౌజులు కట్ చేసిందెవరు? ముందే ఎందుకు చెప్పలేదు?”

ఒక కస్టమర్ నన్ను అడిగిన మాటలివి. చెప్పకపోవడం నా తప్పే. భయపడ్డాను. రాజమండ్రిలో మా టైలరింగ్ షాపుకి వచ్చేవాళ్లలో సగంమంది బోర్డు చూసి రారు, కటింగ్ చేసే మాస్టర్‌గారి చేతిని నమ్మి వస్తారు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేయొచ్చు. కత్తెర తప్పితే చీరతో వచ్చిన ఆ 80 సెంటీమీటర్ల ముక్క పోయినట్టే, అలాంటిదే ఇంకోటి బజార్లో దొరకదు. ‘మాస్టర్ లేరు’ అని బోర్డు పెడితే ఆషాఢం సేల్‌లో కొన్న పట్టుచీరలన్నీ పక్క వీధికి వెళ్లిపోతాయని నోరు మూసుకున్నాను.

మే రెండో వారంలో ఆయన బండి మీంచి పడ్డారు. తొడ ఎముక విరిగింది, లోపల రాడ్డు వేశారు. కటింగ్ అంటే బల్ల దగ్గర రోజంతా నిలబడి చేసే పని కాబట్టి దసరా దాకా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశారు. మేం ఆరుగురమే. పదిమంది ఉంటే వర్తించే ఈఎస్ఐ మాకు లేదు. ఆయనకి నెలనెలా సగం జీతం ఇంటికి పంపాను, అంతకన్నా నా వల్ల కాలేదు.

మీ బ్లౌజులు కట్ చేసింది మా మూడో మిషన్ మీద కుట్టే అమ్మాయి. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. ఏడేళ్లుగా మా దగ్గర కుడుతోంది. ఇంటి దగ్గర పిల్లల గౌన్లు, తన జాకెట్లు తనే కట్ చేసుకునేది గానీ షాపులో కత్తెర ఎప్పుడూ పట్టలేదు. “కాటన్‌వి నేను చేస్తానక్కా, పట్టువి తర్వాత చూద్దాం” అంది. శ్రావణం వచ్చేసరికి పట్టువి కూడా తనే చేసింది.

నాలుగు బ్లౌజులు పాడయ్యాయి. ఆ నలుగురికీ మ్యాచింగ్ గుడ్డ కొనిచ్చి మళ్లీ కుట్టించాం, మజూరీ తీసుకోలేదు. అసలు ఏం జరిగిందో కూడా చెప్తాను. చేతికి ముందువైపు చంక గుంట లోతుగా తీస్తాం, వెనకవైపు తక్కువ. అంటే కుడిచెయ్యి, ఎడమచెయ్యి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండాలి. మామూలు గుడ్డని మంచివైపులు కలిపి మడతపెట్టి ఒక్కసారే కోస్తే రెండూ సరిగ్గా వస్తాయి. పట్టు ముక్కలో అంచు చేతి చివరికి రావాలి, గుడ్డ చాలదు, అందుకని ఒక్కో చెయ్యి విడిగా కోయాల్సి వస్తుంది. అక్కడే రెండు బ్లౌజులకి రెండు చేతులూ కుడివైపువే వచ్చాయి. అలా కుట్టిన జాకెట్టు వేసుకుంటే తప్పున్న వైపు ముందు చంక దగ్గర గుడ్డ పోగవుతుంది, చెయ్యి చాపితే వీపు పట్టేస్తుంది. ఇంకో రెండింటికి కాటన్ లైనింగ్ తడపకుండా వేసింది. మొదటి ఉతుకులోనే లైనింగ్ కుంచించుకుపోయి పైన పట్టు ముడతలు తేలింది. తాడితోట నుంచి తెచ్చిన లైనింగ్‌ని రాత్రి నీళ్లలో వేసి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. శ్రావణం తొందరలో ఆ ఒక్కరోజు ఆగలేదు. తొందరపెట్టింది నేనే.

ఇప్పుడు నాకు సిగ్గనిపించే సంగతి. మా దగ్గర కుట్టేవాళ్లకి జీతం కాదు, పీసు రేటు. ఈ అమ్మాయి రోజుకి ఆరు లైనింగ్ బ్లౌజులు కుట్టేది. ఒక్కోదానికి 120 చొప్పున 720 రూపాయలు. కటింగ్ మొదలుపెట్టాక ఒక్కో కటింగ్‌కి 25 ఇస్తానన్నాను, ఎక్కువే ఇస్తున్నాననుకున్నాను కూడా. రోజుకి పన్నెండు కట్ చేస్తే 300. అయితే కొలతలు తీయడం, ట్రయల్స్, కస్టమర్లతో మాట్లాడటం అన్నీ కలిసి తన మిషన్ మీద కూర్చునే టైం లేకుండా పోయింది. రెండు బ్లౌజులు కుడితే గొప్ప, అంటే 240. మొత్తం 540. పని పెరిగింది, రోజుకి 180 రూపాయలు తగ్గింది!

తను ఒక్కమాట అనలేదు. జులై ఆఖర్న మిషన్ కరెంటు బిల్లుల కోసం ఖాతా తిరగేస్తుంటే నాకే కనపడింది. అరవై పని రోజులకి 10,800 రూపాయలు బాకీ లెక్కకట్టి ఇచ్చేశాను. కటింగ్ రేటు 45 చేశాను. దాంతో రోజుకి 780 పడింది. ఇది పెంచడమని నేను అనుకోను, ముందున్న దానికి ఒక అరవై కలిసింది అంతే.

ఆయుధపూజ రోజు మిషన్లకి, కత్తెరలకి బొట్లు పెట్టాక చీరతోపాటు ఒక ఉత్తరం కూడా ఇచ్చాను. మా అబ్బాయి టైప్ చేసిపెట్టాడు. ‘మీ అంకితభావం, నిబద్ధత మా సంస్థకు గర్వకారణం’ అంటూ నాలుగు లైన్లు. చదివి నవ్వింది. “బాగుందక్కా. స్కూల్లో పిల్లలకిచ్చే సర్టిఫికెట్‌లా ఉంది.” చీర మాత్రం రెండుసార్లు విప్పి చూసుకుంది.

ఆ రాత్రి కాగితం మళ్లీ చదివాను. ఎవరి పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. అందులో కత్తెర లేదు, బ్లౌజు లేదు, మాస్టర్‌గారు లేరు. బాకీ సంగతి అసలే లేదు. మరునాడు ఆర్డర్ల పుస్తకం ముందేసుకుని నా చేత్తో రాశాను. అందులో మాస్టర్‌గారి ప్రస్తావన వస్తుంది కాబట్టి ముందు ఆయనకి చూపించాను. ఆయన మెచ్చుకోలు కోసం కాదు, ఈ అమ్మాయిని పొగడ్డంలో ఆయన్ని తక్కువ చేసినట్టు ఎక్కడైనా పడిందేమోనని. కొలతల గురించిన లైను దగ్గర ఆగి, “నిజమేగా, ఉంచండి” అన్నారు. ‘మీరు’ అని రాయనా అని అమ్మాయిని అడిగితే “వద్దక్కా, ఎవరికో రాసినట్టుంటుంది” అంది. తన ఒప్పుకోలుతో, పేరు తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

అమ్మాయీ,

మే నెలలో మాస్టర్‌గారికి కాలు విరిగిన దగ్గర్నుంచి అక్టోబరులో ఆయన తిరిగొచ్చేదాకా అయిదు నెలలు ఈ షాపులో కటింగ్ అంతా నువ్వే చేశావు. నువ్వు చేరింది కుట్టడానికి. కటింగ్, కొలతలు, ట్రయల్స్ నీ పని కావు. ఆ సంగతి నాకు తెలుసని ఈ కాగితం మీద రాస్తున్నాను.

మాస్టర్‌గారి పాత కస్టమర్ల కొలతల్లో చాలావరకు ఆయన తలలోనే ఉండేవి, పుస్తకంలో లేవు. నువ్వు ఆది జాకెట్టు ఒక్కటే నమ్మకుండా, అది ఎక్కడ బిగుతు, ఎక్కడ జారుతోంది అని ఒక్కొక్కరినీ అడిగి, మళ్లీ ఒంటి మీద కొలిచి, ఖాకీ కాగితం మీద అచ్చులు కోసి పెట్టావు. అలాంటి అచ్చులు ఇవాళ 64 ఉన్నాయి. ఆ పని చేయమని నేను చెప్పలేదు.

పక్క కుట్ల లోపల అంగుళం చొప్పున అదనంగా గుడ్డ వదలడం నువ్వే మొదలుపెట్టావు. దానివల్ల బిగుతైందని తిరిగొచ్చిన బ్లౌజుల్ని పాడుచేయకుండా వదులు చేసి ఇవ్వగలిగాం.

నాలుగు బ్లౌజులు పాడయ్యాయి. చేతులు తప్పిన రెండింటినీ నువ్వే ముందు చెప్పావు, కస్టమరు వచ్చి అడిగేదాకా దాచలేదు. ఆ తర్వాత ప్రతి చేతి ముక్క మీదా చాక్‌పీసుతో ‘ముందు’ అని రాసి గానీ కత్తెర పెట్టలేదు. లైనింగ్ తడపని రెండూ నా తొందర వల్ల పోయాయి.

మొదటి అరవై రోజులు నీకు రోజుకి 180 రూపాయలు తక్కువ పడింది. అది నా లెక్క తప్పు. ఆ 10,800 నీకు ఇచ్చాను. అది నీ కూలి, బహుమానం కాదు. ఈ అయిదు నెలలకి విడిగా 15,000 ఈ ఉత్తరంతోపాటు ఇస్తున్నాను.

రేపటి నుంచి నువ్వు మళ్లీ నీ మిషన్ మీద కూర్చోవచ్చు, లేదా మాస్టర్‌గారితో కలిసి కటింగ్ చేయొచ్చు. ఏదైనా నీ ఇష్టమే. కటింగ్ ఎంచుకుంటే రేటు 45 తగ్గదు.

ఈ ఉత్తరంలో పెద్ద మాటలేం లేవు. కానీ ఈసారి అమ్మాయి నవ్వలేదు. ఒక లైను దగ్గర మాత్రం పట్టుబట్టింది. 64 కాదట, 66 అట. రెండు అచ్చులు అల్మారా వెనక పడిపోయాయని లేచి తీసి చూపించింది. అసలు ఉత్తరంలో ఆ అంకె దిద్ది, పక్కన నా సంతకం పెట్టాను. ఇక్కడ మాత్రం రాసింది రాసినట్టే ఉంచాను.

తను సగం సగం ఎంచుకుంది. మధ్యాహ్నం దాకా కుడుతుంది, ఆ తర్వాత కటింగ్. మాస్టర్‌గారు ఇంకా రెండు మూడు గంటలకి మించి నిలబడలేకపోతున్నారు, స్టూలు వేసుకుంటున్నారు. మొదట్లో అచ్చులు చూసి “కాగితం పెట్టుకుని కోయడమేంటమ్మా” అన్నారు. ఇప్పుడు వారానికి మూడు నాలుగుసార్లు ఆ కట్ట విప్పుతున్నారు, నేను చూడనట్టు ఉంటున్నాను.

కార్తీకంలో పెళ్లిళ్లున్నవాళ్లకి ఒక మాట. ప్రిన్సెస్ కట్, మగ్గం వర్క్ చేయించాల్సినవి మాస్టర్‌గారే కట్ చేస్తారు, వాటికి ఇరవై రోజులు ముందు ఇవ్వండి. మిగతావి ఇద్దరిలో ఎవరు కట్ చేశారన్నది ఇకనుంచి మీ రసీదు మీదే రాసి ఉంటుంది. లైనింగ్ తడపడానికి ఒకరోజు నేను తగ్గించను, మీరూ అడగకండి. శ్రావణంలో తీసుకున్న బ్లౌజుల్లో ఇప్పుడు ఏదైనా పట్టేస్తుంటే తీసుకురండి. లోపల అంగుళం గుడ్డ ఉంది, వదులు చేయడానికి డబ్బు తీసుకోను.